గేటు దాకా షరతు

ఆదిలాబాద్‌లోని జిన్నింగు మిల్లులో గుమాస్తాగా ఉండగా, పత్తి తెచ్చే సేటుతో రాసుకున్న కాంట్రాక్టులోని ముఖ్య షరతులు, జరిమానాలు గోదాము వాళ్ల కోసం తీసి రాశాను. ఆలస్యమైతే జరిమానా. కానీ గడువులోగా బండ్లు గేటు చేరితే చాలు, దించుకోవడం మిల్లు బాధ్యత.

మేనేజరు రెండో షరతు కొట్టేశాడు. "సేటు పని రాయమంటే మన పని రాసినవేందయ్యా?" అందరూ నవ్వారు.

సేటుకు తరచూ జరిమానాలు పడుతుంటే, ఆలస్యం ఎక్కడవుతోందో చూద్దామని గడువు చివరి సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డాను. బండ్లు వచ్చాయి, కూలీలు అప్పటికే వెళ్లిపోయారు. మర్నాడు పత్తి దించాక, గోదాము మేస్త్రి దించిన రోజు తేదీనే రిజిస్టరులో వేశాడు.

బండ్లు చేరిన తేదీలున్న గేటు చీటీలతో సేటు తగువుకొచ్చాడు. మేనేజరు మేస్త్రిని తీసేస్తానన్నాడు.

"గేటు తేదీ వెయ్యాల్నని నాకెవలు చెప్పిండ్రు సారూ?" అన్నాడు మేస్త్రి.

కొట్టేసిన షరతున్న కాగితం బల్ల మీద పెట్టాను. మేస్త్రి ఉద్యోగం పోకుండా నిలబడింది. ఈసారి మేనేజరు సేటు జరిమానాలు కొట్టేశాడు.