పసుపు కబురు కింద ఒక్క ముక్క

బోధన్‌లో బీడీలు చుట్టి చుట్టి వేళ్లు అరిగిన పుష్పలత, మొగుడు పోయాక అతని రేకుల షెడ్డులో మర పెట్టి మోర్తాడ్ పసుపు ఆడించి అమ్ముతోంది. మరిది ముత్యానికి అది కంట్లో నలుసైంది. వాడు చెరుకు నరికే ముఠాకు మేస్త్రీ. ట్రాక్టరు పెట్టుకోవడానికి ఆ షెడ్డు కావాలి.

ఒకరోజు గడ్డపారతో వచ్చి మరను తుక్కు చేశాడు. అడ్డం పడ్డ వదిన మూతి మీద గుద్దితే పన్ను ఊడి కిందపడింది.

"ఐతారం మళ్లొస్త. సామాన్లు గిన కనబడ్డయో, కాళ్లిరగ్గొడ్త!"

నోట్లో నెత్తురు ఊసుకుంటూనే ఆమె ఖాతాదార్ల వాట్సాప్ గ్రూపులో రాసింది. పసుపు, పన్ను, షెడ్డు, ఏడుపు, శాపనార్థాలు అన్నీ కలిపి చాంతాడంత. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. రెండు దండం బొమ్మలు వచ్చాయంతే.

నిజామాబాద్‌లో చీరల షాపు తరఫున ఖాతాదార్లకు కబుర్లు రాసే చిన్నమ్మ బిడ్డ నవత ఫోన్‌లోనే తిట్టింది.

"అక్కా, గిది కబురా, గోనెసంచా? పసుపు కొనేటోళ్లకు పసుపు ముచ్చటే చెప్పు. గా కొట్లాట సంగతి, ఉత్తరాలల్ల రాసినట్టు, కింద తా.క. అని ఒక్క ముక్క పెట్టు. నడుమ చదవనోళ్లు గూడ ఆఖరుది సూస్తరు. బతిలాడకు. రాకున్నా మంచిదే అను."

పుష్పలతకు ఒళ్లు మండింది. "నా పన్ను ఊడగొట్టిండే! గది కింద పెట్టాల్నా?"

"కిందనే. గక్కడ అడ్డమేం ఉండదు, కండ్లల్ల పడ్తది."

పళ్లు కొరుక్కుంటూ రాసింది:

"కొత్త పసుపు వచ్చింది. ఈసారి రోట్ల దంచి ఇస్తున్నం. ఐతారం పొద్దున తీస్కపోన్రి. – పుష్పలత

తా.క.: మర పగలగొట్టినోడు గారోజే మళ్లొస్తడట. వీలైతే మీ రోకలి తెచ్చి జరసేపు దంచిపోన్రి. రాకున్నా మీ పసుపు మీకే."

కిలో, అర్ధకిలో అంటూ జవాబులు వచ్చాయి. కింది ముక్క ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆఖరున, ఒకప్పుడు తనతో బీడీలు చుట్టిన హన్మవ్వ రాయించి పంపింది: "రెండు కిలోలు. తా.క.: నా రోకలి శాన బరువు."

ఆదివారం షెడ్డంతా ఆడవాళ్లే. పసుపుకని వచ్చినవాళ్ల చేతుల్లోనూ రోకళ్లే. దంపుడు జోరు మీదుండగా ముత్యం చెరుకు నరికే కత్తితో దిగాడు. గంప తన్నాడు, వదిన మీద కత్తితో వేటేశాడు. ఆమె ముంజేయి కోసుకుపోయింది. రోట్లో పసుపు ఎర్రబడింది.

హన్మవ్వ రోకలి వాడి మణికట్టు మీద పడింది. ఎముక పటుక్కుమంది. జారిపడ్డ కత్తికి వంగబోతే ఇంకో రోకలి మోకాలు చితకగొట్టింది. కుక్కను కొట్టినట్టు కొట్టారు. పుష్పలత కూడా ఎత్తింది, సరిగ్గా వాడి తల మీదికి. చంపాలనే ఉంది ఆమెకు.

"వదినా!" అన్నాడు వాడు, ఇన్నేళ్లలో మొదటిసారి.

ఆమె రోకలి దించింది. కానీ పక్కన పెట్టలేదు. ఎవరో ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి వాణ్ని మోసుకుపోయేదాకా అలాగే నిలబడింది. నెత్తుటి పసుపు పారబోసి, రోలు కడిగి, కట్టు కట్టిన చేత్తో గ్రూపులో రాసింది:

"మిగిలిన పసుపు వచ్చే ఐతారం దంచుతం.

తా.క.: మీ రోకళ్లు గిక్కడనే ఉండనియ్యున్రి."