టోపీలతో సహా తిట్లు

నామ్ దిన్‌లో థ్వా బోర్డుల కొట్టుకు ఆర్డర్లన్నీ బోడిగానే వస్తాయి. అక్షరాలకు టోపీలు, గీతలు, కింద చుక్కలు పెట్టే ఓపిక ఫోను పట్టినవాళ్లెవరికీ ఉండదు. గుర్తు మారితే అర్థమే మారిపోయే భాష అది; వాటిని అతికించడం థ్వా పని. పక్క మాటను బట్టి మాటను పోల్చుకుంటుంది. చిక్కల్లా మనుషుల పేర్లతోనే.

నూడుల్స్ హోటలు ఖాయ్ పంపిందీ అంతే: "ఫో బో, దాన్ అవ్వ." ఫో అంటే నూడుల్స్ సూపు, దాని పక్కన బో అంటే గొడ్డుమాంసమే. కానీ హోటలుకు పెట్టిన ఖాయ్ తల్లి పేరు దాన్‌ను గుర్తులు మార్చి ఎన్ని రకాలుగా రాయొచ్చని!

"మీ అమ్మ పేరు గుర్తులతో పంపు తమ్ముడూ" అంది.

"నీకు తెలీదా అక్కా" అని జవాబు, అదీ బోడిగానే.

థ్వాకు ఒళ్లు మండింది. బో మీద ఉండాల్సిన వాలు గీత మాని కింద చుక్క పెట్టింది. గొడ్డుమాంసం కాస్తా పురుగైంది. ఆ నమూనా పంపింది.

"అయ్యో, అలాగే అచ్చేస్తావా?" అన్నాడు మొగుడు హ్వాన్.

"ఎందుకేస్తాను? అడిగితే పలకరు, తప్పు కనిపిస్తే పరిగెత్తుకొస్తారు."

అన్నట్టే ఖాయ్ మెసేజి వచ్చింది. "పురుగుల నూడుల్సా? కళ్లు పోయాయా అక్కా? మా అమ్మ దాన్ కాచే సూపులో పురుగులా? సిగ్గులేదూ?"

థ్వా చూపు దాన్ దగ్గరే ఆగింది. ఈసారి పేరులో అక్షరం మీద టోపీ, టోపీ మీద వాలు గీత, అన్నీ ఉన్నాయి. వెంటనే బోర్డు సరిచేసి అచ్చుకిచ్చింది.

హ్వాన్ తొంగి చూశాడు. "బాగా తిట్టాడే!"

"తిట్టనీ. ఒక్క చుక్కయినా మరిచాడేమో చూడు."