ఎర్ర బియ్యానికి లొంగని కుక్కర్

ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు నేనున్న ఆడపిల్లల హాస్టల్లో నిప్పు నిషేధం. ఒకసారి ఎవరి పరుపో అంటుకుందట. గదిలో వండుకోవాలంటే కరెంటు రైస్ కుక్కరే, స్టవ్వు కనిపిస్తే గది ఖాళీ అని ఓనరమ్మ ముందే చెప్పింది. ఆ కిరాయికి ఇంకో గది దొరకదు. గది పోతే నా చదువూ అంతే.

రైస్ కుక్కర్ కొన్నాను. అది షాపు బియ్యానికే లొంగేది. నాకు ఇంటి నుంచి వచ్చేవి అడవి అంచున మా చెలకలో పండినవి, అమ్మ రోట్లో దంచిన ఎర్ర బియ్యం. నీళ్లు ఇంకగానే మీట టక్కున లేచేది, గింజ మాత్రం పలుకే. మళ్లీ నొక్కితే ఆ వేడికి మీట నిలిచేది కాదు. నీళ్లు ఎక్కువ పోస్తే గంజి పొంగి నేలంతా పారేది. దాన్ని చూస్తేనే ఒళ్లు మండేది.

చివరికి కిరసనాయిలు స్టవ్వు, ప్రెషర్ కుక్కర్ తెచ్చి మంచం కింద దాచాను. నా గోడ అవతలే బోరు మోటారు. పొద్దున ట్యాంకు నింపేటప్పుడు ఆ మోతలో ఎన్ని విజిళ్లయినా కలిసిపోయేవి.

ఒక ఆదివారం అమ్మ బియ్యం మూటతో వచ్చింది. మోటారు వేయగానే స్టవ్వు వెలిగించాను. రెండు విజిళ్లయ్యాయో లేదో, కరెంటు పోయింది. మోటారు ఆగింది. ఆ నిశ్శబ్దంలో మూడో విజిల్ వీధి దాకా వినబడేలా కూసింది. స్టవ్వు ఆర్పినా ఆవిరి బుసలు కొడుతూనే ఉంది.

ఓనరమ్మ తలుపు తోసుకుని వచ్చింది. "ఏంటమ్మా ఇది? స్టవ్వు పెట్టొద్దని చెప్పానా లేదా? సాయంత్రానికి గది ఖాళీ చెయ్."

నేను నోరు తెరిచేలోగా అమ్మ నా కాలు తొక్కింది. చేతులు జోడించింది. "పిల్ల తప్పు లేదమ్మా. పొయ్యి నేనే తెచ్చిన. గిప్పుడే పట్కపోత. పిల్లను ఉండనియ్యి."

మా అమ్మ అబద్ధమాడగా నేను విన్నది అదే మొదటిసారి. ఓనరమ్మ మసిబారిన గోడ వంక చూసింది. అది ఒక్కరోజు మసి కాదని ఆమెకూ తెలుసు. "ఇంకోసారి విజిల్ వినపడితే ఊరుకోను" అని వెళ్లిపోయింది.

ఆవిరి దిగాక ఆ అన్నమే తిన్నాం. అమ్మ రైస్ కుక్కర్ మూత ఎత్తి చూసింది.

"దీంట్ల మన బియ్యం ఉడకయా?"

"ఉడకయ్ అమ్మా."

అమ్మ స్టవ్వు, ప్రెషర్ కుక్కర్, తెచ్చిన మూట మళ్లీ నెత్తికెత్తుకుని బస్టాండుకు నడిచింది.

మళ్లీ వచ్చినప్పుడు మూట విప్పితే తెల్ల బియ్యం. తౌడు పోతే బలం పోతదని జీవితమంతా మిల్లు గడప తొక్కని మనిషి.

"ఏనుకూరు మిల్లుల పట్టిచ్చిన. గిట్లుంటే నీ కరెంటు కుక్కర్ల ఉడుకుతయంట."

ఉడికాయి. మీట సరిగ్గా లేచింది, అన్నం మల్లెపువ్వులా వచ్చింది. మా చెలక వాసన ఒక్కటే లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మ రెండు ముద్దలు తిని, "మెత్తగున్నయ్ లే, నువ్వు తిను" అని కంచం నా వైపు జరిపింది.