సెలవు చీటీలో అత్తగారు

రాధాకుమారి పిహెచ్‌డీ అంతా వాళ్ళ అత్తగారి నడుం కిందే ఎండింది. ఇది ఉత్తుత్తి మాట కాదు. బందరు చిలకలపూడిలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. అందులోనే అత్తగారూ, మొగుడూ, బడికెళ్ళే కూతురూ. రాధ చేసేది బోటనీలో పరిశోధన, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట పెరిగే మడ చెట్ల మీద. సెలవు రోజున నాగాయలంక వెళ్ళి, పడవెక్కి, కొమ్మలూ ఆకులూ కోసుకొచ్చేది. వాటిని పాత పేపర్ల మధ్య పెట్టి బరువు కింద అణిచి ఉంచాలి. ఆ ఇంట్లో అంత బరువైన వస్తువేముంది? అత్తగారు సరోజినమ్మగారి పరుపు.

"నలుగురి కోడళ్ళూ అత్తల కాళ్ళ దగ్గర కూచుంటారు. నాది నా వీపు కింద అడివి పెంచుతోంది," అని సరోజినమ్మ పక్కింటి అంకమ్మతో గొప్పగా చెప్పుకునేది. రాధ కాలేజీకెళ్తే తడిసిన పేపర్లు తీసి పొడివి పెట్టేది కూడా ఆవిడే. ఆకు విరిగితే కోడలికంటే ఆవిడే ఎక్కువ బాధపడేది.

రాధ దివిసీమలో ఓ గవర్నమెంటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. పొద్దున్నే బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి ఇల్లు. పిహెచ్‌డీకి డిపార్ట్‌మెంటు పర్మిషన్ ఉంది. కానీ గైడు పిలిచినప్పుడల్లా గుంటూరు వైపు యూనివర్సిటీకి వెళ్ళాలంటే సెలవు కావాలి కదా. చదువు కోసం అంటే ఆఫీసులో మొహాలు మాడేవి. "పిల్లలకి పాఠాలు చెప్పడానికా, మీరు పాఠాలు నేర్చుకోడానికా మేడం జీతం?" అని ఒకరు నవ్వేవాళ్ళు. అందుకని సరోజినమ్మే దారి చూపించింది.

"అత్తగారికి బాగోలేదని రాయవే. నా పేరు రాస్తే నేనేం అరిగిపోతానా?"

అలా ఏళ్ళ తరబడి సరోజినమ్మకి కాగితం మీద రాని జబ్బు లేదు. ఓసారి కళ్ళు, ఓసారి మోకాళ్ళు, ఓసారి విషజ్వరం. సాయంత్రం కోడలు ఇంటికొచ్చాక ఆవిడ వాకిట్లోనే అడిగేది, "ఏమ్మా, ఇవాళ నాకేం జబ్బు?" ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళు. రాధ మొగుడు గోపీనాథ్‌ది రోల్డ్‌గోల్డు నగలకి మెరుగు పెట్టే పని. అతనికి ఈ నవ్వు నచ్చేది కాదు. "అలాంటి మాటలు రాయకూడదే," అనేవాడు. ఎవరు వింటారు?

థీసిస్ ఇచ్చింది. పరీక్షకులు బాగుందని రిపోర్టులు పంపారు. ఇక మిగిలింది వైవా. నలుగురి ముందూ నిలబడి, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు అడిగేవాటికి జవాబు చెప్పాలి. ఎవరైనా వచ్చి కూర్చుని వినొచ్చు. ఆ మాట వినగానే సరోజినమ్మ పెట్టెలోంచి పెడన కలంకారీ చీర తీసి దండెం మీద ఆరేసింది.

"ఎవరైనా రావచ్చంటే నేనూ వస్తాను. నా పరుపు కింద పుట్టిన చదువు కదా!"

నోటీసు వచ్చింది. రాధ తేదీ చూసుకుంటే, సరిగ్గా ఇంటర్ పబ్లిక్ పరీక్షల మధ్యలో పడింది. ఈసారి మాత్రం అబద్ధం రాయకూడదనుకుంది. పిహెచ్‌డీ వైవాకి హాజరు కావాలి, సీఎల్ ఇప్పించండి, హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్ళడానికి అనుమతివ్వండి అని రాసి, నోటీసు కాపీ జతచేసి, ప్రిన్సిపాల్ శోభనాద్రిగారి బల్ల మీద పెట్టింది.

శోభనాద్రిగారు చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆ పరీక్షా కేంద్రానికి చీఫ్ సూపరింటెండెంటు ఆయనే. చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"సంతోషం మేడం, డాక్టరమ్మ అవుతున్నారు. కానీ పరీక్షల్లో సెలవులు లేవని పైనుంచి సర్క్యులర్ ఉంది. వైవాకి పంపానంటే, వాయిదా వేసుకోమనలేదేమని నన్ను అడుగుతారు."

"వాయిదా అంటే ఆ ప్రొఫెసరుగారు మళ్ళీ ఎప్పుడు ఖాళీ అవుతారో తెలీదండీ. అన్నీ కుదిరేసరికి నెలలు పడతాయి."

ఆయన గొంతు తగ్గించాడు. "ఇంట్లోవాళ్ళ ప్రాణం మీదికొస్తే మాత్రం ఎవరూ అడగరు. మీ అత్తగారికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందిగా? కొంచెం గట్టి జబ్బు రాయండి. సంతకం పెడతాను."

నిజం రాస్తే దొరకని సెలవు, అబద్ధం రాస్తే దొరుకుతుంది. రాధ ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంది. సరోజినమ్మ విషయం లాగేసింది.

"గుండె జబ్బని రాయి. దానికెవరూ ఎదురు చెప్పరు."

"వద్దత్తయ్యా. ఆ మాట నా చేత రాయించకండి."

"ఓసి పిచ్చిదానా! కళ్ళు పోతాయని రాస్తే పోయాయా? నా వాతాలూ నొప్పులూ నీ చదువుకి పనికొచ్చాయని నేను మురిసిపోతుంటే."

రాసింది. 'మా అత్తగారికి గుండెనొప్పి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.' సెలవు శాంక్షనయింది.

బయలుదేరే పొద్దున సరోజినమ్మ కలంకారీ చీర కట్టుకోలేదు. మంచం మీదే కూర్చుంది.

"మోకాలు పట్టేసిందే. అన్ని బస్సులు మారలేను. నువ్వెళ్ళు. వచ్చి అన్నీ చెప్పు. ఏమడిగారో, నువ్వేం చెప్పావో, ఒక్కటీ వదలకుండా."

"మొహం అలా ఉందేంటత్తయ్యా?"

"ఎలా ఉంది? నిద్ర చాలని మొహం. బస్సు పోతుంది, వెళ్ళు."

వైవా బ్రహ్మాండంగా జరిగింది. ఉప్పునీళ్ళలో మడ చెట్టు ఊపిరెలా తీసుకుంటుందని ప్రొఫెసరు అడిగితే, బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్ళ గురించి రాధ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. డిగ్రీకి సిఫారసు చేస్తున్నామని ఆయన లేచి ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. గైడుకి శాలువా కప్పి, అందరికీ భోజనాలు పెట్టించి, అప్పుడు ఫోను తీసింది. స్క్రీను నిండా గోపీనాథ్ కాల్సే.

"అమ్మ లేదు రాధా," అన్నాడతను.

ఆమె ఇంటికి చేరేసరికి సరోజినమ్మని వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఎవరు కట్టారో, ఒంటి మీద కలంకారీ చీర ఉంది. అంకమ్మ రాధని పట్టుకుని భోరుమంది.

"నిన్నటినుంచీ ఎడం చెయ్యి లాగేస్తందందమ్మా. చెమటలు కారిపోతన్నాయి. కోడలికి చెప్పమ్మా అని మొత్తుకున్నాను. చెప్తే అది ఆగిపోద్ది, దాని చదువు ఆగిపోద్ది, రేపు సాయంత్రం చెప్తాలే అంది. నా చేత ఒట్టేయించుకుంది తల్లీ."

రాధ ఏడవలేదు. లోపలికెళ్ళి పరుపు ఎత్తి చూసింది. కింద ఏమీ లేదు. ఆకులన్నీ ఎప్పుడో అట్టల మీదికెక్కి యూనివర్సిటీకి వెళ్ళిపోయాయి.

దినాలు అవకముందే శోభనాద్రిగారు పలకరించడానికొచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సెలవు సంగతి బెంగ పెట్టుకోకండి మేడం. మీరిచ్చిన చీటీ ఉందిగా, దాని మీదే తేదీలు పొడిగించేద్దాం. కారణం ఎలాగూ అదే కదా."

ఆయన మంచికే అన్నాడు. కానీ ఆ మాట రాధ గుండెలో దిగబడింది.

"ఆ చీటీ నాకిచ్చెయ్యండి సార్. వేరేది రాసిస్తాను."

"ఇప్పుడెందుకమ్మా? వైవా అని రాస్తే మీకూ నాకూ మెమోలొస్తాయి."

"వస్తే రానివ్వండి. ఆ రోజు నేను ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళానని కాగితం మీద ఉండకూడదు సార్. తీసుకెళ్ళలేదు నేను."

గోపీనాథ్ లేచి, కూతురి పుస్తకాల్లోంచి ఓ తెల్లకాగితం తెచ్చి చేతికిచ్చాడు. రాధ గడప మీద కూర్చుని రాసింది. ఆ రోజున పిహెచ్‌డీ వైవాకి వెళ్ళానని రాసింది. ఆ తర్వాతి రోజుల సెలవుకి కారణం రాయాలి. 'మా అత్తగారికి' అని అలవాటుగా చెయ్యి రాసేసింది.

ఇన్నేళ్ళూ ఆ మాట తర్వాత ఏ జబ్బైనా ఇట్టే వచ్చేసేది. ఇప్పుడు కలం కదల్లేదు. వాకిట్లోంచి ఎవరో, ఇవాళ నాకేం జబ్బే అని అడిగినట్టయి, రాధ తలెత్తి చూసింది.