సగం దగ్గర ఆగే బండి

నాకంటే చిన్నదే అయినా మా ల్యాబులో అందరూ ఆమెను టవరక్క అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, కాబట్టి ఆమె గురించి చెప్పే హక్కు కూడా నాదే అనుకుంటాను. ఆమె మొగుడు కొండ మీద అడవిలో కాపలా మనిషి. వానలు ఆగిన దగ్గర్నుంచి ఎండాకాలం అయ్యేదాకా ఒక ఎత్తైన ఇనుప టవరు మీద కూర్చుని, ఎక్కడైనా పొగ లేస్తుందేమోనని చూస్తుంటాడు. పొగ కనబడితే వైర్‌లెస్‌లో కబురు చెప్పాలి. వానలు పడేదాకా టవరు దిగి రావడానికి వీల్లేదు. బయటివాళ్లు పగలు వెళ్లి చూసి రావచ్చు గానీ రాత్రి ఉండకూడదు.

నేనూ టవరక్కా చచ్చిన బ్యాటరీలను కోసే మనుషులం. గాలి చొరబడని గాజుపెట్టెలో, మోచేతుల దాకా రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి, సెల్లు పొట్ట విప్పి లోపల ఏమైందో చూస్తాం. కొత్తగా చేరినవాళ్లు అది చూసి మొహం తిప్పుకుంటారు. టవరక్క మాత్రం చిక్కుడుకాయ ఈనె తీసినట్టు తీసేస్తుంది. ఆ చేతులతోనే ఏడాదికోసారి వానాకాలంలో మొగుడు ఇంటికొస్తే జుట్టు కత్తిరించేది.

"ఏడాదికోసారేంటే, గొర్రెకైనా రెండుసార్లు కత్తిరిస్తారు" అని ఏడిపించేదాన్ని.

"ఏం చెయ్యనక్కా, ఆ అడవి గేటు దాటి పెట్రోలు బండిని పోనివ్వరు, అక్కణ్నుంచి నడిచి వెళ్తే పొద్దుగూకేలోపు తిరిగి రాలేను. బ్యాటరీ బండి వెళ్తుంది గానీ తిరిగి రాదు" అనేది. నిజమే. గేటు దగ్గర కరెంటు లేదు. టవరు మీద ఉన్న సోలారు పలక వైర్‌లెస్‌కూ ఒక దీపానికీ సరిపోతే గొప్ప.

అలాంటి రోజుల్లో మా కంపెనీవాళ్లు కొత్తరకం సెల్లు చేశారు. మామూలుగా బ్యాటరీ ఛార్జవుతున్నప్పుడు లిథియం వచ్చి గ్రాఫైట్ పొరల మధ్య సర్దుకుంటుంది. ఈ కొత్తదాంట్లో గ్రాఫైట్‌తో పాటు సిలికాన్ పొడి కూడా కలిపారు. అంతే బరువున్న గ్రాఫైట్ పట్టుకునేదానికి ఎన్నో రెట్ల లిథియాన్ని సిలికాన్ పట్టుకోగలదు. అందుకని సెల్లులు కట్టిన ప్యాకు అదే సైజులో ఉన్నా బండి ఇంకా దూరం పోతుంది. వాడి చూడండని తమ ఉద్యోగులకే కొన్ని స్కూటర్లు ఇచ్చారు. నాకొకటి, టవరక్కకొకటి.

ఆ వారం సెలవు రోజున ఆమె కొండకు వెళ్లింది, అదే బండి మీద ఇంటికొచ్చింది. మర్నాడు పనిలోకి వచ్చి మొహమంతా నవ్వుతో నిలబడింది. "వెళ్లొచ్చానక్కా. జుట్టు కత్తిరించాను. పక్కన కూర్చుని అన్నం తిన్నాను" అంది. పెళ్లయి ఇన్నేళ్లయిన మనిషి కొత్తపెళ్లికూతురిలా చెబుతుంటే నాకు నవ్వొచ్చింది, కాస్త కుళ్లూ వచ్చింది. మా ఆయన రోజూ ఇంట్లోనే ఉంటాడు, ఆయన పక్కన కూర్చుని తిన్నానని నేనెవరికీ చెప్పుకోలేదు.

అప్పట్నుంచి ఒక్క సెలవు వదల్లేదు. పొద్దుటి షిఫ్టు త్వరగా అయిపోయిన రోజున కూడా పరిగెత్తేది. దాదాపు ఏడాది అలా గడిచింది. ఆ తర్వాత బండి మొరాయించడం మొదలుపెట్టింది. వెళ్లేటప్పుడు బాగానే ఉండేది, వచ్చేటప్పుడు ఊరి పొలిమేరలో ఆగిపోయేది. తర్వాత ఇంకా ముందే ఆగిపోయేది. ఒకసారి గేటు దగ్గర్నుంచి తోసుకుంటూ వచ్చి, అరిచేతులు బొబ్బలెక్కి, తొడుగులు వేసుకోలేకపోయింది.

ఆ ప్యాకులోని సెల్లు మా గాజుపెట్టెలోకే వచ్చింది. నేను కోశాను, ఆమె పట్టుకుంది. రాగిరేకు మీద నున్నగా అంటుకుని ఉండాల్సిన నల్లపూత, పాత గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలింది. మందం కొలిస్తే కొత్తదానికంటే బాగా ఉబ్బింది. పక్కనే నా బండి సెల్లు కోస్తే, కొత్తదానికీ దానికీ కాస్తే తేడా.

మా ఇంజినీరు మేడమ్ రెండూ చూసి నొసలు చిట్లించింది. "మిగతా బండ్లన్నీ బాగున్నాయి. ఈ ఒక్కటే ఇలా అయిందంటే తయారీలో ఏదో తేడా వచ్చి ఉంటుంది. దీన్ని లెక్కలోంచి తీసేసి, ఈ మిశ్రమాన్నే ఖాయం చేసేద్దాం. మీకు కొత్త ప్యాక్ ఇప్పిస్తాను" అంది టవరక్కతో.

కొత్త ప్యాకంటే ఇంకో ఏడాది కొండ ప్రయాణం. నేను బల్ల కింద ఆమె కాలు తొక్కాను. నోరు మూసుకోవే అని అర్థం. అంతకంటే తేలిగ్గా దక్కే అదృష్టం ఏముంటుంది?

టవరక్క కాలు వెనక్కి తీసుకుంది. "తయారీలో తేడా కాదు మేడమ్. వీళ్లంతా ఊళ్లోనే తిరిగి, సగం కాకముందే ఛార్జింగు పెడతారు. నేను నిండా నింపి, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడిపాను. వెళ్లిన ప్రతిసారీ అంతే" అంది.

మేడమ్ రెండు పూతలనూ మళ్లీ పక్కపక్కన పెట్టి చూసింది. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కంపెనీవాళ్లు అడిగారు గానీ, ఎంత ఖాళీ చేసి తిరిగారో మమ్మల్ని ఎవరూ అడగలేదు మరి. తర్వాత మెల్లగా చెప్పింది. "లిథియం నిండితే గ్రాఫైట్ కొంచెమే ఉబ్బుతుంది. సిలికాన్ మూడు రెట్లు దాటి ఉబ్బుతుంది. ఖాళీ అయితే మళ్లీ ముడుచుకుంటుంది. వానకు ఉబ్బి ఎండకు ముడుచుకునే తలుపు పగుళ్లిచ్చినట్టు, అది కూడా పగులుతుంది. పగిలినచోటల్లా లోపలి ద్రవం తగిలి కొత్త పొర కడుతుంది. ఆ పొర కట్టడానికి కొంత లిథియం ఖర్చవుతుంది, అది ఇక తిరిగి రాదు. కొన్ని ముక్కలైతే పూతలోంచి విడిపోయి ఎందుకూ పనికిరావు. ఇంకో సంగతి. బండి నడిచేటప్పుడు తనలోని లిథియాన్ని ముందు గ్రాఫైటే ఇస్తుంది. చివర్లో ఇచ్చేదంతా దాదాపు సిలికానే."

"అంటే నేను ఇంటికి తిరిగొచ్చే దారంతా దానిమీదేనా?" అని అడిగింది టవరక్క.

"అవును. మీరు పోయిన ఆ చివరి దూరమే దాన్ని చంపింది."

బయటికొచ్చాక నేను ఊరుకోలేదు, కడిగి పారేశాను. "నీకేం పోయేకాలమే? నోటికాడి కూడు చేజేతులా పారేసుకున్నావు!"

"నేను తోసుకొచ్చానక్కా. రేపు ఇదే బండి కొని ఆస్పత్రికి పోయేవాడు ఎలా తోసుకుపోతాడు?" అంది.

సిలికాన్ బాగా తగ్గించారు. ప్యాకు పూర్తిగా ఖాళీ కాకముందే బండి ఆగిపోయేలా కట్టడి పెట్టారు. ఎలా వాడుతున్నామో రాసుకునే పరికరం కూడా బండికి బిగించారు. కొత్త ప్యాకుతో కొండకు వెళ్లి తిరిగి రావడం ఇక కుదరదు. మీటరు సగానికి వచ్చేసరికి కొండదారిలో మూడో మలుపు వస్తుంది. అక్కణ్నుంచి టవరు కనబడుతుంది, అంతే.

ఒకసారి నా బండి మీద నేనూ వెంట వెళ్లాను. టవరక్క ఆ మలుపు దగ్గర ఆగింది. దూరంగా టవరు మీద ఏదో తళుక్కుమంది. వాళ్లాయన గడ్డం గీసుకునే అద్దం అట, ఎండకు పట్టి ఊపుతున్నాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి ఊపింది. తర్వాత రాయి మీద కూర్చుని క్యారియర్ విప్పింది. అక్కడ ఆయనా తింటుంటాడట, ఇద్దరికీ అదే వేళ. నేను నా డబ్బా మూత తియ్యలేదు.

"జుట్టు పెరిగిందో లేదో ఇక్కణ్నుంచి కనబడదక్కా" అంది, కొండవైపే చూస్తూ.

మొన్న మేడమ్ ఆ పరికరం రాసిన గీతలను గోడ మీద వేసి చూపించింది. టవరక్క గీత మా అందరికంటే తీరుగా ఉంది. ప్రతి సెలవు రోజూ ఛార్జి సగం దాకా దిగడం, గంటసేపు కదలకపోవడం, మళ్లీ ఇంటిదాకా దిగడం.

"ఈసారి ఎంత సున్నితంగా వాడారో చూడండి. ఈ ప్యాక్ పదేళ్లు బతుకుతుంది" అంది మేడమ్ మెచ్చుకుంటూ.

"అవును మేడమ్" అంది టవరక్క.

సాయంత్రం ఆమె బండి తాళాలు తీసిమ్మంటే, ఆమె సంచీలో చెయ్యిపెట్టాను. అడుగున గుడ్డలో చుట్టిన జుట్టు కత్తెర తగిలింది. వెళ్లిన ప్రతిసారీ తీసుకెళ్తుందట.