దాలయ్య విచారణ

గోనె మిల్లులో నూలు వడికే స్పిన్నింగ్ విభాగంలో దాలయ్యది ఇరవై రెండేళ్ళ సర్వీసు. రాజాం చుట్టుపక్కల ఊళ్ళలో అతనిలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారు. అర ఎకరమో ముప్పావు ఎకరమో మడి ఉంటుంది, అది తిండికి చాలదు, కాబట్టి మిల్లు. మనిషి సన్నం. నార ధూళికి ఎప్పుడూ దగ్గుతుంటాడు. ఆ దగ్గును బట్టే ఏ మిషను దగ్గరున్నాడో పక్క లైను వాళ్ళు చెప్పేసేవారు.

ఆ మిల్లులో కాగితం మీద లేని ఆచారం ఒకటుంది. దాన్ని చెయ్యిమార్పు అంటారు. వాన పడి మడిలో నీళ్ళు నిలిచినప్పుడే వరి ఊడ్పులు అవ్వాలి. మర్నాడంటే కుదరదు. అందుకని ఉదయం షిఫ్టు మనిషి తన హాజరు బిళ్ళ గేటులో వేసి, సగం షిఫ్టు పనిచేసి, మిగతా సగం మిత్రుడికి అప్పగించి పొలానికి పోతాడు. వారంలో ఆ సగం తిరిగి తీర్చేస్తాడు. మిషను ఆగదు, పని తగ్గదు. లైను మీద అజమాయిషీ చేసే సర్దారుకు ఒక మాట చెబితే చాలు. ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే నడిచింది.

రెండు వేల పదహారులో కొత్త మేనేజరు వచ్చాడు. పాత పర్మినెంటు వాళ్ళు పోతే ఆ మిషన్ల మీద తక్కువ కూలికి కాంట్రాక్టు వాళ్ళను పెట్టుకోవచ్చు. ఊరికే పొమ్మంటే చట్టం ఒప్పుకోదు. నేరం కావాలి. ముప్ఫై ఏళ్ళ ఆచారం నేరంగా మారింది. ఆ ఏడాది ఏడుగురికి కాగితాలు వచ్చాయి. దాలయ్య నాలుగోవాడు.

జూలై ఇరవై ఒకటిన, గురువారం, అతను సర్దారు ఎర్రన్నకు చెప్పి, మిషను సూరయ్యకు అప్పగించి ఊడ్పులకు పోయాడు. వారం తిరక్కుండా చార్జిషీటు చేతికిచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాడు, తెలిసినట్టు వివరణ రాయించి ఇచ్చాడు. మర్నాడే సస్పెన్షను.

సూరయ్య చుట్టరికాన బావ అవుతాడు. రోడ్డు పక్క టీ బడ్డీ దగ్గర అతను చెప్పిన మాటే కొంప ముంచింది.

"నువ్వు సంతకం ఎట్టినావు కాబట్టే సస్పెండు సేసినారు బావా. మళ్ళీ ఏ కాగితం వచ్చినా ముట్టుకోకు. తీసుకోకపోతే ఆల్లేటి సేస్తారు?"

"నిజమే మరి," అన్నాడు దాలయ్య.

ఆగస్టు తొమ్మిదిన గేటు దగ్గరకు పిలిచి ఇచ్చిన కవరు దాలయ్య తీసుకోలేదు. సెక్యూరిటీ వాడు 'నిరాకరించాడు' అని రాసి ఇద్దరి చేత సాక్షి సంతకాలు చేయించాడు. పన్నెండున రిజిస్టరు పోస్టులో వచ్చిందీ తిప్పి పంపేశాడు. పదహారున అదే కాగితం నోటీసు బోర్డు మీద అంటించారు. ఎనిమిది వందల మంది అతని కాగితం చదువుకున్నారు, అతను తప్ప.

ఆ సాయంత్రం రాణి దాలయ్య ఇంటికి వచ్చింది. స్పిన్నింగులోనే మిషనుకు నార అందించే మనిషి, వయసు ముప్ఫై నాలుగు. బోర్డు మీది కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకొచ్చింది.

"ఏటి మావా, కాగితం తీసుకోకుండా కూకున్నావంట. ఇది ఎల్లుండికే."

"ఎల్లుండికేటి?"

"ఇచారణ." పెద్దది చేసి చదివింది. "ఒకటి, ఇరవై ఒకటో తారీకున అనుమతి లేకుండా పని ఇడిసి పోయినావు. రెండు, పని సెయ్యని గంటలకి హాజరు ఏయించుకుని మోసం సేసినావు. పద్దెనిమిదో తారీకు గురువారం పొద్దున పదిన్నరకి, ఆఫీసు మేడ మీద. ఇచారణాధికారి శ్రీకాకుళం లాయరు. నీ సాక్షుల్ని తెచ్చుకోవచ్చు, కంపెనీ సాక్షుల్ని అడగొచ్చు. సాయానికి నీ డిపార్టుమెంటు మనిషినొకల్ని, నేదంటే నీ యూనియను నాయకున్నొకల్ని తెచ్చుకోవచ్చు. నువ్వు రాకపోతే నువ్వు నేకుండానే కానిచ్చేస్తారు."

దాలయ్య భార్య నారాయణమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "మంచి సలహా ఇచ్చినాడు మీ బావ. వారం రోజులు గంగలో కలిసిపోనాయి," అంది.

మర్నాడంతా దాలయ్య తోడు వచ్చే మనిషి కోసం తిరిగాడు. యూనియను కార్యదర్శి ఎల్లాజీ కుర్చీ వేసి కూర్చోబెట్టి, "తప్పయిపోనాదని రాసిచ్చీ, నాను మేనేజరుతో మాట్లాడతాను," అన్నాడు. అలా రాసిచ్చిన ముగ్గురూ అప్పటికే ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నారు. సూరయ్యను అడిగితే తల ఎత్తకుండానే అన్నాడు.

"నానొస్తే నన్నే అడుగుతారు బావా, ఆ సగం షిఫ్టు నువ్వెందుకు సేసినావని. పిల్లలున్నోన్ని."

డిపార్టుమెంటులో అందరిదీ అదే భయం. తోడు తెచ్చుకునే హక్కు ఇచ్చారు, తోడు రాగల ప్రతివాడూ అదే పని చేసినవాడు. ఇంత తెలివిగా ఇచ్చిన హక్కు నేను ఇంకోటి చూడలేదు.

చివరికి రాణే అంది, "నానొస్తాను. నాకు మడీ నేదు, సెయ్యిమార్పూ నేదు. నన్నేటి అడుగుతారు?"

గురువారం మేడ మీద గదిలో బల్లకు ఒక పక్క లాయరు, పక్కన కంపెనీ తరఫున పర్సనెల్ ఆఫీసరు, టైపు చేసే మనిషి. రాణి ముందుగా వారం గడువు అడిగింది. హాజరు రిజిస్టరు చూడాలి, సాక్షుల్ని తెచ్చుకోవాలి అంది.

"నోటీసు తొమ్మిదో తేదీనే ఇచ్చారమ్మా," అన్నాడు లాయరు, సెక్యూరిటీ వాడు రాసిన కాగితం చూపిస్తూ. "తీసుకోకపోవడం ఆయనిష్టం. తీసుకోనివాడికి గడువెందుకు?"

గడువు ఇవ్వలేదు.

కంపెనీ సాక్షి ఎర్రన్న. ముందురోజే నేర్పినట్టు గబగబా చెప్పేశాడు. దాలయ్య తనను అడగలేదు, చెయ్యిమార్పు అనే మాటే తానెప్పుడూ వినలేదు.

"నాను అడగొచ్చా సారూ?" అంది రాణి.

"అడుగు."

"ఎర్రన్న బాబూ, రెండేళ్ళ కింద మీ అమ్మ సచ్చిపోయిన వారం మీ లైను ఎవలు సూసినారు?"

ఎర్రన్న కిటికీ వైపు చూశాడు.

"దాలయ్య మావ సూసినాడు. సగం సగం, ఆరు రోజులు. మీ బిళ్ళ గేటులో పడింది. అవునా, కాదా?"

పర్సనెల్ ఆఫీసరు లేచాడు. "ఇది కేసుకు సంబంధం లేని ప్రశ్న."

"సంబంధం ఉన్నాదో నేదో పెద్దాయన సెప్తారు. ముందు నా ప్రశ్న రాయండి. ఆయన జవాబు సెప్పకపోతే అదీ రాయండి. మాకో కాపీ ఇవ్వండి."

లాయరు ఆమెను కళ్ళజోడు పైనుంచి చూసి, టైపు చేసే మనిషికి తల ఊపాడు. ప్రశ్న టైపయింది. దాని కింద 'సాక్షి సమాధానం ఇవ్వలేదు' అని టైపయింది. బయటికొచ్చాక మెట్ల మీద ఎర్రన్న దాలయ్య భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెనక్కి తీసుకున్నాడు.

"నన్నేటి సెయ్యమంటావురా," అన్నాడు.

"ఏటీ సెయ్యొద్దు. పో, మిషన్లు సూసుకో," అన్నాడు దాలయ్య.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. ఈలోపే రాణిని నార చీల్చి నూనెతో తడిపే విభాగానికి మార్చేశారు. మిల్లు మొత్తానికి ధూళి ఎక్కువ అక్కడే. కారణం అడిగితే, పాలనాపరమైనది అన్నారు. ఉత్తర్వు వచ్చిన రోజు షిఫ్టుకు ముందు ఆమె దాలయ్య అరుగు మీద కూర్చుని కాగితం చదివింది. రెండు అభియోగాలూ రుజువైనాయి, కాబట్టి తొలగింపు.

"ఎర్రన్న జవాబు సెప్పనేదని రాసున్నాదా?" అడిగాడు దాలయ్య.

"రాసున్నాది మావా. మూడో పేజీలో. సాక్షి మౌనం వల్ల ముద్దాయికి ఒరిగేదేమీ నేదని కూడా రాసున్నాది."

"నిజం రాసుండగానే తీసేసినారేటి, అయితే?"

తీసెయ్యాలని ముందే అనుకున్నారని ఇద్దరికీ తెలుసు. నారాయణమ్మ లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. లేబరు కోర్టుకు వెళ్ళొచ్చు, కానీ ఆరేళ్ళు పడుతుందో ఎనిమిదేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు. రెండు గంటల షిఫ్టుకు సైరను కూసింది. రాణి గ్లాసు సగం తాగి పెట్టేసి, ముక్కుకు చీర కొంగు కట్టుకుని లేచి వెళ్ళింది.