మెత్త కట్టిన కుర్చీ

ఆరోగ్యమేరికి ఇంటి ఓనర్లంటే లేని భయం గోడ మేకు అంటే ఉండేది. గోడకు మేకు కొట్టి బిగించిందల్లా ఇంటికే చెందుతుందని గవరపాలెంలో అద్దెకిచ్చిన త్రినాధరావు మొదటిరోజే తేల్చేశాడు. అందుకని ఆ ఇంటి బాత్రూంలో ఆవిడ ఒక్క మేకు కొట్టించలేదు. కుళాయికి మర తిప్పి పెట్టిన చేతి షవరు, టైలుకు రబ్బరు కప్పులతో అతుక్కునే సబ్బుల అర, అన్నీ ఊడదీసి సంచిలో వేసుకుపోయేవే.

వాటన్నిటిలోకీ ముఖ్యమైంది కుర్చీ. భర్త రత్నరాజు బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసిన మనిషి. పక్షవాతం వచ్చాక కుడికాలు వంగదు. నేలబారు మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోలేక ఒకసారి పడ్డాడు కూడా. అప్పుడావిడ చేతులున్న మందపాటి తెల్ల ప్లాస్టిక్ కుర్చీ కొని, వడ్రంగి చేత మధ్యలో కన్నం కోయించింది. దాన్ని దొడ్డి మీద పెడితే నాలుగు కాళ్లూ గట్టిగా ఆనుతాయి, మనిషి హాయిగా కూర్చుంటాడు. కానీ ఆ సంగతి పరాయివాళ్లకు తెలియకూడదని రత్నరాజు ఆవిడ చేత ఒట్టేయించుకున్నాడు. మనలో మాట, మగాడి పరువు ఎక్కడ దాక్కుంటుందో చెప్పలేం.

ఇల్లు మారిన రోజు ఆ పరువు కోసమే ఆవిడ అతితెలివికి పోయింది. మోసేవాళ్లకు కనబడకుండా కన్నం మీద చెక్కమూత వేసి, పైన పూలగుడ్డ మెత్త కట్టింది. చూస్తే ఎంచక్కా అచ్చం మామూలు కుర్చీ.

కొత్తింట్లో ముందు ప్రార్థన. చర్చి గుడి నుంచి తెచ్చిన తెల్ల కుర్చీలు వాకిట్లో వేశారు. దించిన సామానూ అక్కడే ఉంది. ప్రార్థన కాగానే, మూడింటికి స్త్రీల కూటం ఉందంటూ ఆడవాళ్లు కుర్చీలు పట్టుకుని వీధి చివర గుడికి వెళ్లిపోయారు.

ఆరోగ్యమేరి లోపల సబ్బుల అరతో కుస్తీ పడుతోంది. సున్నం గోడకు రబ్బరు కప్పు పట్టదు, జారి కిందపడుతోంది. టైలున్న చోటు వెతికి, తడి తుడిచి నొక్కితే అప్పటికి నిలిచింది. అంతలో రత్నరాజు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమే, కుర్చీ ఎక్కడెట్టేవు?"

ఆవిడ వాకిట్లోకి పరుగెత్తింది. పీట ఉంది, బిందెలున్నాయి, కుర్చీ లేదు. గుడి కుర్చీలతో పాటే అదీ వెళ్లిపోయుంటుంది.

"పొద్దుట్నుంచి ఓర్సుకున్నాను," అన్నాడాయన. నుదుట చెమట. "మంచినీళ్లు కూడా తాగనేదు."

ఆ వీధిలో అన్నీ నేల దొడ్లే. పట్టుకుని కూర్చోబెడదామంటే మళ్లీ పడతాడు. ఈసారి తుంటి విరిగితే ఎవరు దిక్కు? "ఒక్క చిటికె ఓర్సుకోండి, వత్తన్నాను," అంటూ చెప్పుల్లేకుండానే ఆవిడ గుడికి పరుగుతీసింది.

కూటం మొదలైంది. ముందు వరసలో, మెత్త ఉంది కదా అని పెద్దావిడ చిన్నమ్మలుని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఆవిడేమో కర్ర ఒళ్లో పెట్టుకుని రాణిలా ఉంది. ఆరోగ్యమేరి ఆవిడ దగ్గరికెళ్లి వంగింది.

"పెద్దమ్మా, ఆ కుర్చీ మాది. ఒకపాలి లేగండి."

పక్కనున్న రోజలిన్ మరో కుర్చీ చూపించింది. "ఇది పట్టుకెల్లు వదినా. పెద్దావిణ్ణి లేపుతావేటి?"

అందరూ తనవైపే చూస్తున్నారు. ఒట్టు గుర్తొచ్చింది. గుమ్మం పట్టుకున్న ఆయన చెయ్యీ గుర్తొచ్చింది. ఒట్టు గట్టున పెట్టింది.

"అది కూకునే కుర్చీ కాదు, దానికి కన్నం ఉంది. మా ఆయన దొడ్డికెల్లేది దాని మీదే. అక్కడ ఆగలేకపోతన్నారు."

ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నమ్మలు మాత్రం నవ్వలేదు. కర్ర ఊని లేచి, మెత్త ఎత్తి, చెక్క తీసి కన్నంలోకి తొంగిచూసింది. "నడు, నానూ వత్తాను," అంది.

కుర్చీ దొడ్డి మీద పెట్టి, నాలుగు కాళ్లూ ఊపి చూసి, కదలడం లేదని తేలాకే ఆరోగ్యమేరి భర్తను లోపలికి పంపింది. తలుపు పడింది. కాసేపటికి చేతి షవరు నీళ్ల చప్పుడు. ఆవిడకు ఏడుపొచ్చేసింది.

చిన్నమ్మలు వాకిట్లో పీట మీద కూర్చోబోయి సగం ఒంగి ఆగిపోయింది, మోకాళ్లు వంగక. గోడకు ఆనుకుని గొంతు తగ్గించింది.

"గుడికొచ్చే రోజు నానూ నీళ్లు తాగను మేరీ. ఇంటికాడ అయితే కోడలు రెండు రెక్కలూ పట్టుకుంటాది. సిగ్గుతో సచ్చిపోతన్నాను. రెండేళ్లయింది."



తలుపు తీసుకుని రత్నరాజు బయటికొచ్చాడు. వాకిట్లో పరాయి మనిషిని చూసి తల వంచేసుకున్నాడు. చిన్నమ్మలు ఆయన్ని చూడలేదు, వెనకున్న కుర్చీకేసి చూస్తోంది.

"నానోసారి ఎల్లొచ్చా, నాయినా?" అని ఆయన్నే అడిగింది.

రత్నరాజు పక్కకు జరిగి దారిచ్చాడు. తర్వాత గోడ పట్టుకుంటూ వంటింటి వైపు నడిచి, పెళ్లాన్ని చెంబుడు మంచినీళ్లు అడిగాడు.